మెదక్‌కు అని కొడితే మెదక్కు ఎందుకొస్తుంది? ఫోన్ మెయిల్‌లో విరిగే ఒత్తుల కథ

మాది మెదక్. కొత్త ఫోన్ రివ్యూకి వచ్చినప్పుడల్లా దాని తెలుగు కీబోర్డుకు నేను పెట్టే మొదటి పరీక్ష మా ఊరి పేరే. ఫొనెటిక్ కీబోర్డులో medak అని కొట్టి స్పేస్ నొక్కితే "మెదక్" చక్కగా వస్తుంది. తర్వాత ku కొడితే "మెదక్ కు" అని విడిగా పడుతుంది. మధ్యలో ఖాళీ బాగోలేదని బ్యాక్‌స్పేస్‌తో తీసేస్తాం కదా, అప్పుడు చూడండి: "మెదక్కు". ముక్కు, చెక్కు లాగా ఇంకో కొత్త మాట తయారైంది!

ఇది కీబోర్డు పిచ్చిపని అనుకుంటాం కానీ, యూనికోడ్ లెక్క ప్రకారం ఫోన్ సరిగ్గానే చేసింది. తెలుగులో ఒత్తులకు విడిగా కోడ్ ఉండదు. క-ఒత్తు కావాలంటే క, పొల్లు, మళ్ళీ క అని మూడు కోడ్‌లు వరుసగా ఉండాలి. వాటిని చూసి ఫాంటు ఒత్తు గీస్తుంది. "మెదక్" చివర పొల్లు ఉంది. ఖాళీ తీసేయగానే దాని పక్కకు "కు" వచ్చి చేరింది. పొల్లు పక్కన హల్లు కనిపిస్తే కలిపేయడమే ఫాంటు పని.

కలపొద్దు అని చెప్పడానికి కంటికి కనిపించని ఒక కోడ్ ఉంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబరు U+200C. పొల్లు తర్వాత అది ఉంటే "మెదక్‌కు" అని విడిగా నిలబడుతుంది. తేడా కళ్ళతో చూడాలంటే పైథాన్ ఉన్న ఎక్కడైనా ఈ ఒక్క లైను రన్ చేయండి:

```
for c in "మెదక్‌కు": print(hex(ord(c)))
```

0xc2e, 0xc46, 0xc26, 0xc15, 0xc4d, 0x200c, 0xc15, 0xc41 అని ఎనిమిది వస్తాయి. c4d అంటే పొల్లు, దాని వెనకే మన నాన్ జాయినర్. "మెదక్కు"లో ఏడే ఉంటాయి, ఆ 200c ఉండదు.

అన్ని చోట్లా ఇది కావాలని కాదు. "ఫోన్లో" అని రాస్తే ఎవరూ ఆగిపోరు, మనం పలికేదీ అలాగే. నా లెక్కలో అసలు ఇబ్బంది పేర్లతోనే. మా వీధిలో డిగ్రీ చదివే తమ్ముడొకడు సర్టిఫికెట్‌లో పేరు సరిచేయమని ఫోన్ నుంచే ఒక ఆఫీసుకు మెయిల్ పెట్టాడు. అసలు పేరు ఇక్కడ రాయను, ప్రవీణ్‌కుమార్ లాంటిదే అనుకోండి. ఖాళీ తీసేసరికి అది "ప్రవీణ్కుమార్" అయింది. అక్కడివాళ్ళు మెయిల్‌లోంచి కాపీ చేసి యథాతథంగా అచ్చేశారు. "అన్నా, ణకి కింద క ఎట్ల వచ్చింది?" అని నా దగ్గరికొచ్చాడు. వాట్సాప్‌లో అయితే పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు. మెయిల్‌కి ఆ సదుపాయం లేదు, అన్‌డూ బటన్ కనిపించే కొన్ని సెకన్లు దాటితే అంతే.

దీనికి తిరగబడ్డ జబ్బు ఇంకోటుంది. కలవాల్సిన చోట కలవకపోవడం. కొన్ని టైపింగ్ టూల్స్ పొల్లుతో ముగిసే మాట వెనక నాన్ జాయినర్‌ని వాటంతట అవే పెట్టేస్తాయి. అలాంటి చోట "విద్" దగ్గర ఆగి, మిగతా సగం తర్వాత అతికిస్తే "విద్‌యార్థి" అవుతుంది. ఆండ్రాయిడ్‌లో దీన్ని పట్టుకోవడం తేలికే. విరిగిన చోట కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. కనిపించే అక్షరం ఏదీ పోకుండా రెండు ముక్కలూ కలిసిపోతే, పోయింది నాన్ జాయినరే. (2018లో ఐఫోన్లను క్రాష్ చేసిన తెలుగు అక్షరం గుర్తుందా? అది "జ్ఞా". అందులో ఈ కోడే ఉండకూడని చోట, దీర్ఘానికి ముందు దూరింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. తప్పు అక్షరానిది కాదు, ఆపిల్ సాఫ్ట్‌వేర్‌దే.)

మాట మధ్యలో దిద్దబోతే ఇంకో రకం గొడవ. "ప్రతి" బదులు "పతి" పడిందనుకోండి. ప పక్కన కర్సర్ పెట్టి ra కొడితే "పరతి" వస్తుంది, ర-ఒత్తు రాదు. ఎందుకంటే ఫొనెటిక్ కీబోర్డు మీరు కొట్టే ఇంగ్లిష్ అక్షరాలను స్పేస్ నొక్కేదాకానే గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత మాట మెయిల్ యాప్ చేతికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చి ra కొడితే, దానికి అది కొత్త మాటే. పొల్లు మీట కోసం వెతికితే ఇంగ్లిష్ అక్షరాల లేఅవుట్‌లో అది ఉండదు. అందుకే ఒత్తు తప్పితే దిద్దకండి. మాట మొత్తం చెరిపి prathi అని మొదటి నుంచీ కొట్టండి, సజెషన్లలో సరైనది ఎంచుకోండి. "విద్యార్థి"కి బదులు "విద్యార్ధి" కూడా ఆ వరుసలో కూర్చుని ఉంటుంది, కాస్త చూసి నొక్కండి. దిద్దక తప్పకపోతే గ్లోబ్ మీటతో అసలు తెలుగు లేఅవుట్‌కి మారండి, అక్కడ పొల్లు మీట ఉంటుంది.

మరి "మెదక్‌కు" ఎలా కొట్టాలి? ఫోన్‌లో నాన్ జాయినర్ మీట కోసం వెతుక్కోవడం కంటే నేను చేసే పని ఇది. సరిగ్గా ఉన్న మాటను ఒక్కసారి కాపీ చేసుకుంటాను, ఈ పేజీలోదైనా పర్లేదు. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో Dictionary, అందులో Personal dictionary తెరిచి, ఆ మాటను పేస్ట్ చేసి షార్ట్‌కట్‌గా mdk ఇస్తాను. ఐఫోన్‌లో అయితే Settings, General, Keyboard, Text Replacement. ఆ తర్వాత mdk కొడితే ఆ మాట దొరుకుతుంది. మీ పేరును కూడా అలాగే దాచుకోండి.

దీనికీ ఓ హద్దుంది. అవతలి సాఫ్ట్‌వేర్ కనిపించని కోడ్‌లను తీసేసే రకమైతే "మెదక్‌కు" మళ్ళీ "మెదక్కు" అయి కూర్చుంటుంది. రెండు పేర్లను కోడ్ కోడ్‌గా పోల్చే ప్రోగ్రామైతే, నాన్ జాయినర్ ఉన్న పేరూ లేని పేరూ దానికి ఇద్దరు మనుషులే. అందుకని అప్లికేషన్, సర్టిఫికెట్ లాంటి మెయిల్‌లో పేరును ఖాళీతోనే రాయడం మేలు: "ప్రవీణ్ కుమార్". ఊరి పేరు దగ్గర "మెదక్ పట్టణానికి" అంటే అసలు గొడవే లేదు. మా తమ్ముడి రెండో మెయిల్ అలాగే పంపించాం, కింద పేరు ఇంగ్లిష్‌లో కూడా పెట్టి.

పంపే ముందు ఒక చిన్న పరీక్ష. డ్రాఫ్ట్‌ని వేరే యాప్‌లో, కుదిరితే వేరే ఫోన్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ ఒత్తులు బాగుండి మీ ఫోన్‌లో మాత్రమే విరిగితే అది ఫాంటు గోల, మెయిల్‌లోని అక్షరాలు బాగానే ఉన్నట్టు. రెండు చోట్లా విరిగితే టైపింగ్‌లోనే పోయింది. గుణింతం గుర్తుకో పొల్లుకో ముందు చుక్కల సున్నా (◌) కనిపిస్తే, దాని హల్లు చెరిగిపోయి గుర్తు ఒక్కటే మిగిలిందని, ఆ మాట మళ్ళీ కొట్టాల్సిందే. అవతలివాళ్ళు à°¤à±† లాంటి గీతలు కనిపిస్తున్నాయంటే మాత్రం మీ కీబోర్డును తిట్టకండి. అది వాళ్ళ వైపు మెయిల్‌ని యూటీఎఫ్-8గా చదవకపోవడం, à°¤à±† అంటే "తె" అన్నమాట.