డాక్టర్ గారికి కడుపు గురించి ఒక ఉత్తరం

“గ్యాస్ ట్రబుల్ అండీ” అంటే డాక్టరుకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఛాతీలో మంట, తేన్పులు, ఉబ్బరం, మలబద్ధకం అన్నిటినీ మనం ఆ ఒక్క మాటలోనే చెప్పేస్తాం. పైగా విరేచనం సంగతి నోరు విప్పి చెప్పాలంటే సిగ్గు, బయట వరసలో ఉన్నవాళ్ల తొందర. చివరికి పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర రాయించుకుని వచ్చేస్తాం. ఆ మాత్ర తగ్గించేది జీర్ణాశయంలోని ఆమ్లాన్ని. పేగుల్లో పుట్టే వాయువు మీద దానికి పెద్దగా పట్టులేదు. నెలల తరబడి ఉబ్బరం ఉన్నవాళ్లు ముందుగా ఒక పేజీ రాసి తీసుకెళ్లడం నయం. రాజమండ్రిలో ఉండే నలభై రెండేళ్ల టీచరు ఒకావిడ తమ ఫ్యామిలీ డాక్టరుకు రాస్తోందనుకుందాం.

“డాక్టర్ గారికి నమస్కారం. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి, అంటే సుమారు ఏడు నెలలుగా, సాయంత్రమయ్యేసరికి కడుపు ఉబ్బిపోతోంది. బడి వదిలే వేళకి లంగా బొందు వదులు చేసుకోవాల్సి వస్తోంది. పొద్దున్నకి తగ్గిపోతుంది. వారంలో రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది, విరేచనం అయ్యాక తేలికపడుతుంది. ఒక్కోసారి రెండు రోజులు అసలు అవ్వదు. మూడో రోజు ముందు గట్టిగా ఉండలుగా వచ్చి, తర్వాత పల్చగా రెండు మూడుసార్లు అవుతుంది. రక్తం కనిపించలేదు. నిద్రలోంచి లేవాల్సి రాలేదు. బరువు తగ్గలేదు. మా ఇంట్లో ఎవరికీ పేగు క్యాన్సర్ లేదు.

మూడు వారాలు తిన్నదీ, వేళా రాసుకున్నాను. పెద్ద గ్లాసుడు పాలు తాగితే గంట, రెండు గంటల్లో కడుపులో గుడగుడలు. రెండు పూటలా టీ తాగినా, పెరుగన్నం తిన్నా ఏమీ లేదు. ఉల్లిపాయ దండిగా వేసిన శనగల కూరతో రాత్రి చపాతీలు తింటే మర్నాడు ఉబ్బరం. బంగాళదుంప వేపుడు, అన్నం తిన్న రోజు హాయిగా ఉంది. గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. రక్తం తక్కువగా ఉందని నాలుగు నెలలుగా ఐరన్ మాత్ర కూడా.”

నొప్పికీ విరేచనానికీ ముడి ఉండటం, ఎన్నిసార్లు అవుతుందన్నదీ ఎలా అవుతుందన్నదీ మారడం చూడగానే డాక్టరు మనసులో ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్, మెదులుతుంది. దానికి వైద్యులు వాడే కొలతలో లక్షణాలు మొదలై కనీసం 6 నెలలు కావాలి, గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండాలి. “చాలా రోజులుగా” అని ఊరుకోకుండా సంక్రాంతి నుంచి అని రాయడం అందుకే పనికొచ్చింది. మలం రూపానికి కూడా బ్రిస్టల్ చార్టు అని 7 రకాల బొమ్మల పట్టిక ఉంది. 1 అంటే విడివిడి గట్టి ఉండలు, 7 అంటే పూర్తిగా నీళ్లు. ఆ అంకె వేసినా చాలు, సిగ్గుపడే పని తప్పుతుంది.

అయితే ఆవిడ చివర్లో మాటవరసకు రాసిన ఐరన్ మాత్ర దగ్గరే మంచి డాక్టరు ఆగిపోతారు. ఐరన్‌తో మలం గట్టిపడుతుంది, నల్లబడుతుంది కూడా. గట్టి ఉండలు ఏడు నెలలుగా ఉన్నాయా, మాత్ర మొదలెట్టాకా అన్నది మొదటి ప్రశ్న. అంతకన్నా పెద్ద ప్రశ్న, రక్తం ఎందుకు తగ్గిందని. నెలసరిలో ఎక్కువగా పోవడం వల్ల కావచ్చు. గోధుమ పడని సీలియాక్ జబ్బు వల్ల ఐరన్ సరిగా ఒంటబట్టకా కావచ్చు. ఇది తేలనిదే ఐబీఎస్ అని ముద్ర వేయకూడదు. సీలియాక్‌కు రక్తపరీక్ష ఉంది, కానీ అది చేయించేదాకా చపాతీలు తింటూనే ఉండాలి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.

ఇక పాల సంగతి. గ్లాసుడు పాలు పడనివాళ్లకు టీ, పెరుగు పడటం వింతేమీ కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణం చేసే శక్తి పెద్దయ్యాక చాలామందిలో తగ్గుతుంది. టీలో పాలు కొద్దిగానే పడతాయి. తోడు పెట్టినప్పుడు ఆ సూక్ష్మజీవులే లాక్టోజ్‌ను కొంత తినేస్తాయి, మనం తిన్నాక కడుపులోనూ అరిగిస్తాయి.

చపాతీ, ఉల్లి, శనగల లెక్క వేరు. వీటిలోని కొన్ని పిండిపదార్థాలను అరిగించే ఎంజైములు మనుషులెవరికీ లేవు. అవి పెద్దపేగు దాకా చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి వాయువు అవుతాయి. అందుకు గంటలు పడుతుంది. ఈలోగా మనం పొద్దున తిన్న ఇడ్లీ మీద నేరం మోపుతాం! వేళ రాయమనేది ఇందుకే. పైగా ఆ రాత్రి మూడూ ఒకేసారి తిన్నారు కాబట్టి దోషి ఎవరో ఈ మూడు వారాల చిట్టా తేల్చలేదు.

తేల్చడానికి ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన పద్ధతి ఉంది. ఇలాంటి పదార్థాలన్నీ 2 నుంచి 6 వారాలు తగ్గించి, తేలికపడితే ఒక్కొక్కటే తిరిగి తింటూ చూడటం. మనవాళ్లు మొదటి సగం చేసి అక్కడే ఆగిపోతారు. ఉల్లి, పప్పు, పాలు ఏళ్ల తరబడి మానేసి నీరసపడతారు. తీరా చూస్తే చాలామందికి కొద్ది మోతాదు పడుతుంది. డాక్టరు చెప్పాక, పోషకాహార నిపుణుల సాయంతో చేసే పని ఇది.

మలంలో రక్తం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే విరేచనాలు ఉంటే మాత్రం మూడు వారాల చిట్టా రాస్తూ కూర్చోకూడదు, వెంటనే చూపించుకోవాలి. యాభై దాటిన ఆడవాళ్లకు కొత్తగా మొదలైన ఉబ్బరం తగ్గకుండా ఉంటే, అండాశయాలకు స్కానింగ్ అవసరమేమో డాక్టరును అడగాలి.