పాలు పడల్యా అంటాండారా? ముందు బిడ్డ పట్టు చూడండి

పోయిన ఎండాకాలం ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు మా చిన్నమ్మ కూతురి మొగుడు ఫోన్ చేసినాడు. జమ్మలమడుగు పక్క పల్లె వాళ్లది. తొలి కాన్పు, ఆడబిడ్డ, పుట్టి నాలుగో దినం. "బావా, పాప ఒకటే ఏడుపు. పాలు పడల్యా అంటాది మాయమ్మ. పొద్దన్నే ప్రొద్దుటూరికి పోయి పాలడబ్బా తెస్తా. ఏ డబ్బా మంచిదో రోంత చెప్పు" అన్నాడు.

మా ఇంటామె ఏఎన్ఎం. ఫోన్ నా చేతిలోంచి తీసుకోని, డబ్బా సంగతి పక్కన పెట్టి నాలుగు మాటలు అడిగింది. పాప లేపితే లేస్తాందా? నోట్లో పెడితే చప్పరిస్తాందా? ఒళ్లు కాలుతాందా, చల్లగా ఉందా? నిన్న రాత్రి నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోసింది? మొదటి మూడిటికి జవాబు బాగానే ఉంది. నాలుగోదానికి ఆ పిల్లోడు లోపలికి పోయి అడిగొచ్చి "మూడు సార్లంట" అన్నాడు. "అయితే ఈ రాత్రి రొమ్ముకే పట్టిస్తా ఉండండి, రెండు గంటలు దాటనీయొద్దు. పొద్దన్నే ఆశా అక్కను పిల్చుకోనొచ్చి తూకం వేయించండి" అని చెప్పింది.

ఇది చదివే మొగపిల్లోళ్లు "ఆడోళ్ల సంగతి మాకెందుకు" అని దాటేయొద్దు. డబ్బా తెమ్మంటే బండి తీసేది మీరే. ఆశా అక్కను పిలవాలన్నా, 108కి ఫోన్ కొట్టాలన్నా మీరే.

తెల్లారి ఆశా అక్క వచ్చి తూకం వేసింది. పుట్టినప్పుడు 2,900 గ్రాములుండే పాప 2,650కి దిగింది. ఇంట్లో అందరూ బెదిరిపోయినారు. పుట్టిన బిడ్డ మొదటి నాలుగైదు దినాల్లో రోంత తూకం తగ్గడం మామూలే. పుట్టిన తూకంలో పదో వంతు దాటి తగ్గితే మాత్రం డాక్టరు చూడాల. ఈ పాప లెక్కకు ఆ గీత 2,610 దగ్గర ఉంటాది. అంటే ఇంగా 40 గ్రాములే మిగిలింది. గీత దాటలేదు గానీ నిమ్మళంగా కూచునే పరిస్థితి కూడా కాదు.

అప్పుడామె "నా ముందర ఒకసారి పట్టించు తల్లీ" అనింది. నా చెల్లెలు మంచం మీద ముందుకు వంగి కూచోని, పాపను వెల్లకిలా ఒళ్లో పండబెట్టుకోని, తల మాత్రం రొమ్ము పక్కకు తిప్పింది. రెండు వేళ్లతో చనుమొనను కత్తెర మాదిరి ఒత్తి నోట్లో పెట్టింది. పాప చప్పరిస్తా ఉంటే బుగ్గలు లోపలికి గుంటలు పడతాండాయి. ఈ పిల్ల పండ్లు కొరుక్కుంటాంది నొప్పికి. పాలు రాకపోవడం ఆడే ఉంది.

బర్రె పాలు పిండినోళ్లకు ఇది తొందరగా అర్థమవుతాది. చన్ను కొన పట్టుకోని లాగితే పాలొస్తాయా? రావు, బర్రె తన్నుతాది. పైన పొదుగు దగ్గర నుంచి పిడికిలి పట్టి ఒత్తుకుంటా కిందికి దిగాల. బిడ్డ నోరు కూడా అట్లనే. చనుమొన ఒక్కటి నోట్లో ఉంటే పాలు రావు, మొన పగులుతాది. దాని చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా బాగా లోపలికి పోయి, బిడ్డ నాలుక కిందినుంచి దాన్ని ఒత్తితేనే పాలు దిగుతాయి.

ఆశా అక్క చేయించింది ఇది. ముందు తల్లి వీపుకు దిండు పెట్టి గోడకు ఆనించి కూచోబెట్టింది. తల్లి వంగకూడదు, బిడ్డే రొమ్ము దగ్గరికి రావాల. పాపను పక్కకు తిప్పి, పాప కడుపు తల్లి కడుపుకు ఆనించింది. చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉండాల, మెడ తిరగకూడదు. మెడ పక్కకు తిప్పుకోని మనం గుక్కెడు నీళ్లు మింగి చూస్తే ఆ కష్టం తెలుస్తాది. పాప ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చినాక, మొనతో పై పెదవి మీద మెల్లగా రాసింది. నోరు రోంత తెరిచింది. నా చెల్లెలు పెట్టబోతే "ఆగు, ఆవులించినంత తెరవనీ" అనింది. బాగా తెరిచిన క్షణాన పాపను దగ్గరికి లాక్కుంటే గడ్డం ముందు తగిలి, కింది పెదవి బయటికి మడతపడి, నోరు నిండా పట్టింది. చేతి పట్టు కూడా మార్పించింది: బొటనవేలు పైన, నాలుగు వేళ్లు కింద, అన్నీ నల్లటి భాగానికి దూరంగా.

పట్టు బాగుంటే గుర్తులు కంటికే కనబడతాయి. గడ్డం రొమ్ముకు ఆనుకోని ఉంటాది. నల్లటి భాగం కింది పెదవి పక్క కంటే పై పెదవి పక్క ఎక్కువ కనపడతాది. బుగ్గలు నిండుగా ఉంటాయి. మొదట గబగబ చప్పరించి, పాలు దిగినాక నిదానంగా గుటక వేస్తాది, ఆ శబ్దం వినబడతాది. తల్లికి మొదటి కొన్ని క్షణాలు గుంజినట్లుండొచ్చు గానీ ఆ తర్వాత నొప్పి ఉండకూడదు. ఉంటే పట్టు తప్పినట్లే. అప్పుడు గుంజి తీయొద్దు. చేయి కడుక్కోని చిటికెన వేలు బిడ్డ నోటి మూలకు పెడితే పట్టు వదులుతాది, మళ్లా మొదట్నుంచి పట్టించాల. బిడ్డ వదిలినాక చనుమొన గుండ్రంగా ఉండాల. నలిగి చదునుగా ఉంటే మొన ఒక్కటే నోట్లో ఉండిందని లెక్క. ఆపరేషన్ కాన్పు అయినోళ్లు కుట్ల మీద బరువు పడకుండా పక్కకు పండుకోని గానీ, బిడ్డను చంక కింద కాళ్లు వెనక్కి వచ్చేటట్లు పట్టుకోని గానీ ఇయ్యొచ్చు.

ఇంగ ఎన్నిసార్లు? రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడా కలిపి. గడియారం చూసి కాదు, బిడ్డను చూసి. పెదాలు చప్పరించడం, చేయి నోట్లో పెట్టుకోవడం, తల అటు ఇటు తిప్పి వెతకడం, ఇవి ఆకలి గుర్తులు. ఏడుపు ఆఖరి గుర్తు. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ సరిగ్గా నోరు పట్టదు కాబట్టి ముందే ఎత్తుకోవాల. మొదటి దినాల్లో కొందరు బిడ్డలు పొద్దస్తమానం నిద్రపోతారు. "మంచి బిడ్డ" అని మురిసిపోవద్దు, రెండు మూడు గంటలకు గుడ్డలు తీసి, అరికాలు రుద్ది లేపి పట్టాల. ఒక పక్క బిడ్డ తనంతట వదిలిందాక ఇచ్చి, తర్వాత రెండో పక్క చూపాల. మాపటేల కొందరు గంటగంటకూ అడుగుతారు. దాన్ని చూసే ఇండ్లల్లో "పాలు సాలడంల్యా" అంటారు. అది చాలామంది బిడ్డల అలవాటు, పాలు తక్కువని కాదు.

డబ్బా కథ ఈడే మొదలవుతాది. ఒక సీసా డబ్బాపాలు తాగిన పాప మూడు గంటలు నిద్రపోతాది. ఆ మూడు గంటలు రొమ్ము ఎవురూ ఖాళీ చేయరు. ఖాళీ కాని రొమ్ము పాలు తక్కువ చేసుకుంటాది. మాపటికి నిజంగానే తక్కువ వస్తాయి, ఇంకో సీసా కలుపుతారు. వారం తిరిగేసరికి "మేం ముందే చెప్పినాం, పాలు లేవు" అన్న మాట నిజమైపోతాది. పసిబిడ్డల పాలడబ్బాలకు ప్రకటనలు చేయకూడదని 1992 నుంచి మన దేశంలో చట్టముంది. బిడ్డ మరీ చిన్నగా పుట్టిందనో, తల్లికి జబ్బనో డాక్టరు రాసిస్తే అది వేరే సంగతి, అప్పుడు వాడాల్సిందే. రొమ్ము పట్టలేని బిడ్డకు తల్లి పాలే పిండి ఉగ్గుగిన్నెతో తాపొచ్చు. మన అవ్వల కాలం నాటి ఆ గిన్నె, సీసా కంటే కడగను సులువు.

మా చెల్లెలి అత్తకు ఇంకో దిగులు. "ఈ ఎండలకు బిడ్డ నాలుక ఎండిపోతాది, చెంచాడు నీళ్లన్నా పోయనీ" అని. మన కడప ఎండలు తెలియనిదెవరికి! అయినా ఆరు నెలల దాకా బిడ్డకు నీళ్లు అవసరం లేదు. తల్లిపాలల్లో ఎక్కువ భాగం నీళ్లే. ఎండ జాస్తయితే ఇంకో రెండుసార్లు రొమ్ము పట్టాల. నీళ్లు కావాల్సింది బాలింతకు, పథ్యమని ఆమె నోరు కట్టేస్తాండారు. చక్కెరనీళ్లు, ఆముదం కూడా బిడ్డకు వద్దు. తేనె ఏడాది దాకా నాకించొద్దు, దాంట్లో ఉండే ఒక సూక్ష్మజీవి చిన్నబిడ్డల నరాలను దెబ్బతీస్తాది.

పాలు సాలుతాండాయా లేదా అన్నది ఏడుపును బట్టి కాదు, గుడ్డలను బట్టి చూడాల. మొదటి దినం ఒకసారన్నా, రెండో దినం రెండుసార్లన్నా, మూడో దినం మూడుసార్లన్నా ఉచ్చ పోయాల. ఐదో దినం నుంచి 24 గంటల్లో ఆరు, అంతకు పైన. దొడ్డికి మొదట నల్లగా జిగటగా ఉండి, పచ్చబడి, ఐదో దినానికి పసుపు రంగుకు రావాల. ఆ పాప ఐదో దినం ఐదు గుడ్డలు, ఆరో దినం ఏడు గుడ్డలు తడిపింది. ఏడో దినం తూకం 2,750. పద్నాలుగో దినం 2,950, అంటే పుట్టినప్పటి తూకం దాటింది. ఆసుపత్రిలో కాన్పయినోళ్ల ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ దినాల్లో వస్తాది. వచ్చినప్పుడు తూకం వేయమని, పట్టు చూడమని అడగండి.

అయితే పట్టు సరిచేసుకుంటా ఇంట్లో కూచోకూడని గుర్తులున్నాయి. బిడ్డ రొమ్ము పట్టడం మానేసినా, లేపినా లేవకుండా వేలాడినట్లున్నా ఆలస్యం చేయొద్దు. ఒళ్లు కాలడం (37.5 డిగ్రీల పైన), కప్పినా పాదాలు, కడుపు చల్లగానే ఉండడం, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీయడం, ఊపిరికి డొక్కలు లోపలికి పీక్కుపోవడం, ఫిట్స్, పెదాలు నీలం తిరగడం, ఆకుపచ్చ వాంతి, కడుపు ఉబ్బడం, వీటిల్లో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. పుట్టిన 24 గంటల్లోనే ఒళ్లు పసుపు తిరిగినా, తర్వాతైనా పసుపు అరచేతులకు, అరికాళ్లకు పాకినా ఎండలో పెట్టి చూద్దామని ఆగొద్దు. ఐదో దినం తర్వాత ఉచ్చ ఆరు సార్ల కంటే తక్కువైనా, గుడ్డ మీద ఇటుకరంగు మరక పడినా అదే దినం చూపించాల. 24 గంటలైనా దొడ్డికి పోకపోయినా, రెండు వారాలకు పుట్టిన తూకం రాకపోయినా చూపించాల.

తల్లికి రొమ్ములో ఒక పక్క ఎర్రబడి, గట్టిపడి, చలిజ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోవాల. చాలాసార్లు "చెడిపోయిన పాలు" అని ఆ పక్క మాన్పిస్తారు, దాంతో గడ్డ ముదిరి చీము పట్టొచ్చు. ఆ పక్క కూడా పట్టిస్తానే ఉండాల, నొప్పి ఓర్చుకోలేకపోతే పిండేయాల. కాన్పయినాక గంటకొక గుడ్డ తడిసేంత నెత్తురు పోతే అది కూడా 108 పనే.

పులివెందుల, జమ్మలమడుగు పక్కోళ్లు మొదట అక్కడి ప్రభుత్వాసుపత్రికే పోవచ్చు, అవసరమైతే వాళ్లే ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో కడప రిమ్స్‌కో పంపిస్తారు. దారిలో బిడ్డను గుడ్డల మూటలో కాకుండా తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేటట్లు పెట్టుకోని పైన దుప్పటి కప్పండి. మెలకువగా ఉండి మింగగలిగితే దారిలో కూడా పాలు పట్టండి. బయలుదేరేటప్పుడు పుట్టిన తూకం రాసిన కార్డు తీసుకోండి, ఆఖరుసారి ఎప్పుడు పాలు తాగింది, ఎప్పుడు ఉచ్చ పోసింది ఫోన్‌లో రాసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.