ఖాళీ చేసేలోపే ఇల్లు చూపించాలంటే

ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చినా, తాళంచెవులు అప్పగించేదాకా ఇల్లు అద్దెకున్నవారి స్వాధీనంలోనే ఉంటుంది. ఓనరేమో మరుసటి నెల అద్దె పోకుండా ఆలోపే కొత్తవారిని చూసుకోవాలి. చిక్కంతా ఈ నెల రోజుల్లోనే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దె సరిగా కడుతున్నవారు గడువు తీరేదాకా ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండవచ్చు. ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి ఓనరును తగిన వేళల్లో రానివ్వాలి కూడా. కానీ బయటివారికి ఇల్లు చూపించే మాట అందులో లేదు. అందుకే అద్దె ఒప్పందంలోనే ఆ షరతు రాసుకోవాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం, ఓనరు రావాలంటే కారణం, రోజు, వేళ చెబుతూ కనీసం 24 గంటల ముందు తెలపాలంటుంది. పొద్దు పొడవకముందు, పొద్దుగూకాక రాకూడదంటుంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే ఇది అమలవుతుంది. అమలులో లేనిచోట కూడా ఇంతకన్నా న్యాయమైన కొలత దొరకదు.

కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం. భర్తది రాత్రి షిఫ్టు, మధ్యాహ్నం పన్నెండు దాకా నిద్రపోతాడు. ఇంట్లో చంటిబిడ్డ. ఓనరు “ఎవరైనా వస్తే కాస్త చూపించండి” అని వదిలేస్తే రోజంతా బెల్లు మోగుతూనే ఉంటుంది. దానికి బదులు ఇలా మెసేజ్ పెట్టవచ్చు: “అమ్మా, ఇల్లు చూడ్డానికి కొందరు అడుగుతున్నారు. మీకు ఏ రోజు, ఏ వేళ వీలవుతుందో చెప్పండి. ఒకరోజు ముందే చెప్పి, నేనే వెంట వస్తాను.” ఆమె జవాబు: “బుధవారం, శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా అయితే ఇబ్బంది లేదండి. పొద్దున మాత్రం వద్దు.” అడిగినవారందరినీ ఆ గంటలోనే వరసగా రమ్మంటే సరిపోతుంది. ఒక్కో కుటుంబానికి పది నిమిషాలు చాలు. ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం ఆదివారం ఒక గంట అదనంగా అడగవచ్చు, ఒప్పుకోవడం ఆమె ఇష్టం.

ఏర్పాటు చెడేది ఎక్కువగా టులెట్ బోర్డు దగ్గరే. దాని మీద ఫ్లాటు నంబరు రాస్తే జనం నేరుగా తలుపు తడతారు. ఓనరు ఫోన్ నంబరు ఒక్కటే ఉండాలి, “ముందు ఫోన్ చేయించండి” అని వాచ్‌మన్‌కూ చెప్పాలి. ఊరెళ్తూ వాచ్‌మన్‌కు తాళంచెవి ఇచ్చినంత మాత్రాన, లేనప్పుడు చూపించడానికి ఒప్పుకున్నట్టు కాదు. అది విడిగా అడిగి, మెసేజ్‌లో సరే అనిపించుకోవాలి. వచ్చినవారు బీరువాలు తెరవడం, సామాన్లతో సహా వీడియో తీయడం కూడదు. ఒక రోజు కుదరదన్నందుకు అడ్వాన్సులో కోత పెడతాననడం అన్యాయం. అడ్వాన్సు ఉన్నది అద్దె బాకీలకు, ఇంటికి జరిగిన నష్టానికి. అద్దెకున్నవారు కూడా ఊరికే కాదనకుండా, ఆ రోజు బదులు ఏ రోజు వీలవుతుందో చెప్పాలి.