ఓకే చెప్పే ముందు వైర్‌ఫ్రేమ్‌ని ఇలా చూడండి

యాప్ చేయించుకునేవాళ్ల చేతికి ముందుగా వచ్చేవి రంగుల్లేని కొన్ని బొమ్మలు. బూడిదరంగు గడులు, ఫొటో రావాల్సిన చోట అడ్డగీతలు కొట్టిన పెట్టె, బటన్ల మీద రెండు మూడు మాటలు. దీన్నే వైర్‌ఫ్రేమ్ అంటారు. ఇంటికి ప్లాను ఎలాంటిదో యాప్‌కి ఇది అలాంటిది. ఏ తెర తర్వాత ఏ తెర వస్తుంది, ఏ బటన్ ఎక్కడుంటుంది, దాన్ని ఏమని పిలుస్తారు అన్నవి ఇక్కడే ఖాయమవుతాయి. చాలామంది దీన్ని పైపైన చూసి, ‘బాగుంది, రంగులేసి చూపించండి’ అనేస్తారు. తర్వాత రంగుల గురించి వారాల తరబడి చర్చలు నడుస్తాయి. యాప్ జనంలోకి వెళ్లాక మాత్రం ఫిర్యాదులు రంగుల మీద రావు. ‘ఎటు వెళ్లాలో తెలియడం లేదు’, ‘ఆ బటన్ ఎక్కడుంది?’, ‘ఇది, అది ఒకటేనా?’ అనే వస్తాయి. ఈ మూడింటినీ వైర్‌ఫ్రేమ్ దశలోనే పట్టుకోవచ్చు. అప్పుడైతే గడిని పక్కకు జరిపితే సరిపోతుంది. కోడ్ రాసేశాక అదే మార్పు కోసం అనేక తెరలు తిరగరాసి, మళ్లీ పరీక్షించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వరికోత మిషన్లను రైతులకు అద్దెకిప్పించే యాప్ ఒకటి తయారవుతోందనుకోండి. వైర్‌ఫ్రేమ్‌లో ఆరు తెరలున్నాయి. మొదటిది హోమ్. రెండోది దగ్గర్లోని మిషన్ల జాబితా. మూడోది ఒక మిషన్ వివరాలు. నాలుగోది తేదీ, ఎకరాలు నింపే ఫారం. ఐదోది డబ్బు కట్టాక వచ్చే తెర. ఆరోది రైతు చేసుకున్న బుకింగ్‌ల జాబితా. పరిశీలన మొదలుపెట్టే ముందు, ఈ యాప్‌తో రైతుకున్న పనిని ఆయన మాటల్లోనే కాగితం మీద రాసుకోవాలి: ‘ఎల్లుండి నా రెండెకరాలు కోయించాలి. మడిలో ఇంకా తడి ఉంది.’ ఇక ప్రతి తెరనూ ఈ వాక్యంతోనే కొలవాలి.

దారి తప్పుతోందా?

ఆరు తెరలనూ ప్రింటు తీసి నేల మీద వరసగా పరచండి. ప్రతి బటన్ నుంచి అది తెరిచే తెరకు పెన్సిల్‌తో బాణం గీయండి. కంప్యూటర్‌లో ఒక్కో తెరే చూస్తే కనిపించని లోపాలు ఇక్కడ బయటపడతాయి.

మన ఉదాహరణలో మూడు కనిపిస్తాయి. హోమ్‌లో కింద ఉన్న బార్‌లో ‘ఆర్డర్లు’ అని ఒక ట్యాబ్ ఉంది. పైన మూడు గీతల మెనూ తెరిస్తే అందులో ‘నా బుకింగ్స్’ ఉంది. రెండు బాణాలూ ఆరో తెరకే వెళుతున్నాయి. ఒకే చోటికి రెండు దారులుండటం తప్పేమీ కాదు. కానీ రెండు దారులకు రెండు పేర్లుంటే అవి వేర్వేరు చోట్లనుకుని రైతు రెండూ తెరిచి చూస్తాడు. రెండోది, ఐదో తెర. ‘చెల్లింపు పూర్తయింది’ అన్న మాట తప్ప అక్కడ ఏమీ లేదు. ఒక్క బాణం కూడా బయటికి పోవడం లేదు. అలాంటప్పుడు ఎవరైనా ఫోన్‌లోని బ్యాక్ నొక్కుతారు. డబ్బు కట్టే పేజీ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఇందాక కట్టింది చేరలేదేమోనని ఇంకోసారి కట్టే ప్రమాదముంది. ఇక్కడ ‘నా బుకింగ్ చూడండి’ అని ఒక బటన్ పెట్టాలి. బ్యాక్ నొక్కితే హోమ్‌కి వెళ్లాలని ఆ తెర పక్కనే నోట్ రాయాలి. మూడోది, నాలుగో తెరలో వివరాలన్నీ నింపాక మిషన్ మార్చుకోవాలనిపిస్తే ఏమవుతుంది? వెనక్కి వెళ్లి వస్తే నింపిన తేదీ, ఎకరాలు అలాగే ఉంటాయా, చెరిగిపోతాయా? బొమ్మలో ఇది కనిపించదు కాబట్టి అడగాలి. జవాబును వైర్‌ఫ్రేమ్ మీదే రాయించాలి. రాయకపోతే కోడ్ రాసేవారు తమకు తోచినట్టు చేస్తారు.

ఇంకొక సులువైన పరీక్ష ఉంది. స్టీవ్ క్రుగ్ అనే అమెరికన్ యూజబిలిటీ నిపుణుడు 2000లో వచ్చిన ‘డోంట్ మేక్ మీ థింక్’ పుస్తకంలో దీన్ని వివరించాడు. మధ్యలోని ఏదో ఒక తెరను, దాని ముందు వెనకలేవీ చూడని మనిషికి ఇవ్వాలి. ఇది ఏ యాప్, ఇందులో ఇది ఏ పేజీ, ఇక్కడి నుంచి ఎటు వెళ్లొచ్చు అని అడగాలి. తడుముకోకుండా చెప్పగలిగితే దారి సరిగ్గా ఉన్నట్టే. మన మూడో తెర పైన శీర్షికగా ‘వివరాలు’ అని మాత్రమే ఉంది. దేని వివరాలు? అక్కడ మిషన్ పేరు ఉండాలి.

అసలు పని కనిపిస్తోందా?

ప్రతి తెరకూ ఒక ముఖ్యమైన పని ఉంటుంది. అదేమిటో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ తెరలో రెండు మూడు తెరల సరుకు కూరుకుపోయిందని అర్థం. మూడో తెర పని ‘ఈ మిషన్‌ని బుక్ చేసుకోవడం’. ఇప్పుడు ఆ బటన్ ఎక్కడుందో చూద్దాం.

ఇక్కడే వైర్‌ఫ్రేమ్ మనల్ని మోసగిస్తుంది. ఫిగ్మా లాంటి డిజైన్ టూల్‌లో పేజీ మొత్తాన్ని నిలువుగా పొడవాటి బొమ్మగా గీస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్‌కి డిజైనర్లు ఎక్కువగా తీసుకునే కొలతల్లో 360 వెడల్పు, 800 ఎత్తు ఒకటి. మన మూడో తెర ఎత్తు మాత్రం 1400 ఉందనుకోండి. ఫొటో, యజమాని పేరు, టైర్ల మిషనా చైన్ మిషనా అన్న వివరం, గంట రేటు, ఇతర రైతుల అభిప్రాయాలు అన్నీ వచ్చాక చిట్టచివర ‘బుక్’ ఉంది. కంప్యూటర్‌లో పేజీ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది కాబట్టి బటన్ ఉన్నట్టే అనిపిస్తుంది. 800 దగ్గర ఒక అడ్డగీత గీయండి. గీత పైన ఉన్నదే ఫోన్ తెరవగానే కనిపించేది. ‘బుక్’ గీతకు చాలా కింద ఉంది. పైన ‘కాల్’, ‘షేర్’, ‘సేవ్’ మూడూ ఒకే సైజులో నిలబడి ఉన్నాయి. రైతు ‘కాల్’ నొక్కి యజమానితో మాట్లాడి బయటికి వచ్చేస్తాడు. బుకింగ్ జరగదు. ‘బుక్’ని తెర అడుగున కదలకుండా నిలిపి, నిండు గడిగా గీసి, మిగతా మూడింటినీ చిన్నవి చేస్తే సమస్య తీరుతుంది.

నాలుగో తెరలో ఇంకో చిక్కుంది. ఎకరాల సంఖ్య టైప్ చేయడానికి గడిని తాకగానే కీబోర్డు లేచి తెర కింది భాగాన్ని కప్పేస్తుంది. ‘ముందుకు’ బటన్ దాని వెనక్కి పోతుంది. వైర్‌ఫ్రేమ్‌లో కీబోర్డు గీయరు కాబట్టి ఇది యాప్ వచ్చేదాకా తెలియదు. టైప్ చేసే ప్రతి తెరకూ కీబోర్డు పైకి వచ్చినప్పటి బొమ్మ ఒకటి అదనంగా అడగండి.

తెలుగు యాప్ అయితే ఇంకొకటి చూడాలి. డిజైనర్లు బటన్ గడిని ఇంగ్లిష్‌లో ‘బుక్’ అనే చిన్న మాటకు సరిపడా గీస్తారు. తర్వాత అందులో ‘మిషన్ బుక్ చేయండి’ అని తెలుగులో పెడితే మాట రెండు లైన్లకు విరుగుతుంది, లేదా చివర చుక్కలుగా మారిపోతుంది. పైన గుడులు, కింద ఒత్తులు కోసుకుపోకుండా లైన్ల మధ్య ఎడం కూడా కావాలి. అందుకే ఉత్తుత్తి మాటలతో నింపిన వైర్‌ఫ్రేమ్‌ని ఒప్పుకోవద్దు. రాబోయే అసలు మాటలే అందులో ఉండాలి.

పేర్లు నిలకడగా ఉన్నాయా?

మూడో పరిశీలనకు ఒక పట్టిక చాలు. ఎడమవైపు యాప్‌లోని వస్తువులు, పనులు రాయండి: మిషన్, బుకింగ్, ముందు కట్టే డబ్బు, బుకింగ్ స్థితి. పైన తెరల నంబర్లు వేయండి. ఒక్కో తెరలో దేన్ని ఏమన్నారో అక్షరం మార్చకుండా ఎక్కించండి.

ముందు కట్టే డబ్బు వరస చూడండి. మూడో తెరలో ‘టోకెన్’, నాలుగో తెరలో ‘అడ్వాన్స్’, ఆరో తెరలో ‘బుకింగ్ ఫీజు’. తయారుచేసినవారికి ఇవన్నీ ఒకటే. రైతుకు మాత్రం మూడు కోతల్లా కనిపిస్తాయి. పైగా అడ్వాన్స్ అంటే చివరి బిల్లులో తగ్గేది, ఫీజు అంటే తిరిగిరానిది అని వాడుక. మాట మారితే లెక్కే మారిపోయినట్టవుతుంది. ఒక్క ‘అడ్వాన్స్’ని ఖాయం చేసి అన్నిచోట్లా అదే పెట్టాలి.

ఇది ఒకే విషయానికి పలు పేర్లుండటం. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా ప్రమాదకరం. రెండో తెరలో ఫిల్టర్ల దగ్గర ‘ట్రాక్’ అని ఉంది. అక్కడ దానర్థం తడి మడిలో దిగబడకుండా నడిచే చైన్ మిషన్. ఆరో తెరలోనూ ‘ట్రాక్’ అనే బటన్ ఉంది. అక్కడ దానర్థం మిషన్ ఎక్కడిదాకా వచ్చిందో చూడటం. ఒక్కో తెరను విడిగా చూస్తే రెండూ సబబుగానే ఉంటాయి. పట్టికలోకి ఎక్కించినప్పుడే ఢీకొంటాయి. మొదటిదాన్ని రైతులనే మాటతో ‘చైన్ మిషన్’ అనాలి. రెండోది ‘మిషన్ ఎక్కడుంది?’ అయితే చాలు.

బటన్ మీది మాట, అది తెరిచే పేజీ శీర్షిక కూడా కలవాలి. ‘ఆర్డర్లు’ నొక్కితే ‘నా బుకింగ్స్’ అన్న పేజీ వస్తే, తప్పు చోటికి వచ్చానేమోనని వెనక్కి వెళతారు.

ఇతరుల చేత చూపించండి

యాప్ చేయించేవారికి అన్నీ ముందే తెలుసు కాబట్టి కొన్ని తప్పులు వారి కంటికి ఆనవు. ఇందుకు కాగితం మీది తెరలే చాలు. హోమ్ తెర ఒక రైతు ముందు పెట్టి, ‘ఎల్లుండి రెండెకరాలు కోయించాలి, మొదట వేలు ఎక్కడ పెడతారు?’ అని అడగండి. వేలు పెట్టిన చోటికి తగ్గట్టు తర్వాతి కాగితం అందించండి. ప్రశ్నలో ‘బుక్’ అనే మాట వాడొద్దు. వాడితే బటన్ ఏదో మీరే చెప్పినట్టవుతుంది. ఆయన ఆగినచోట సాయం చేయకుండా, ఎక్కడ ఆగాడో రాసుకోండి. ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్, ఐదుగురితో పరీక్షిస్తే చాలావరకు సమస్యలు బయటపడతాయని చెప్పాడు. అది ఒకే తరహా వాడకందారుల విషయంలో. మన యాప్‌ని మిషన్ యజమానులూ వాడతారు కాబట్టి వారిని విడిగా కూర్చోబెట్టాలి.

వైర్‌ఫ్రేమ్‌తో తేలనివీ ఉన్నాయి. నెట్ సరిగా అందని పొలంలో యాప్ ఎంత వేగంగా తెరుచుకుంటుంది, ఎండలో అక్షరాలు కనిపిస్తాయా అన్నవి అసలు యాప్ చేతికొచ్చాకే తెలుస్తాయి. దొరికిన తప్పుల్లో పనిని ఆపేసేవి, డబ్బుకు సంబంధించినవి ముందు దిద్దించండి. దిద్దాక బాణాలు, పట్టిక మళ్లీ చూడండి, ఎందుకంటే ఒక తెరలో మార్చిన పేరు ఇంకో తెరలో పాతగానే మిగిలిపోతుంది. ఇది పూర్తయ్యేదాకా రంగుల చర్చ మొదలుపెట్టొద్దు, ఓకే చెప్పొద్దు.