బస్సు ఫీజు పెరిగింది, కబురు ఎలా పంపాలి?

పొద్దున ఏడున్నరకు స్టాపులో బస్సు ఆగగానే, పిల్లాణ్ని ఎక్కిస్తూ ఓ తల్లి డ్రైవర్‌ని అడుగుతుంది: "అన్నా, బస్సు ఫీజు పెంచారంట, ఎంత?" అతనికి తెలియదు. తర్వాతి స్టాపులోనూ అదే ప్రశ్న. ఆమె ఫోన్‌లో బడి పంపిన మెసేజ్ ఉంది కానీ జవాబు మాత్రం అందులో లేదు.

మండల కేంద్రంలోని ఓ ప్రైవేటు బడి పంపిన మెసేజ్ ఇలా ఉందనుకుందాం: "గౌరవనీయులైన తల్లిదండ్రులకు విజ్ఞప్తి. పెరిగిన డీజిల్ ధరలు మరియు అనివార్య కారణాల దృష్ట్యా వచ్చే టర్మ్ నుండి బస్సు ఫీజు స్వల్పంగా పెంచబడినది. గడువులోగా చెల్లించని యెడల విద్యార్థులు బస్సులోకి అనుమతించబడరు."

ఇందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. కానీ పనికొచ్చే మాట కూడా లేదు. "స్వల్పంగా" అంటే యాభయ్యా, ఐదు వందలా? "పెంచబడినది" అంటే పెంచిందెవరు? అంకె ఒక్కటీ లేని మెసేజ్‌లో బెదిరింపు మాత్రం స్పష్టంగా ఉంది.

తిరగరాయడం కారణాల దగ్గర మొదలుపెట్టాలి. ఎందుకంటే లెక్క వేయకుండా కారణం రాస్తే అది నిలబడదు. ఈ బస్సులో 40 మంది పిల్లలున్నారు. రోజుకు 60 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు ఐదు కిలోమీటర్లు వస్తే రోజుకు 12 లీటర్లు, 24 పనిదినాలకు 288 లీటర్లు. డీజిల్ లీటరుకు ఐదు రూపాయలు పెరిగితే బస్సు మీద నెలకు 1,440 రూపాయల భారం. పిల్లలందరికీ పంచితే తలా 36 రూపాయలు. ఫీజేమో 1,200 నుంచి 1,350కి, అంటే 150 రూపాయలు పెరిగింది. నెపమంతా డీజిల్ మీద వేస్తే, ఆటో నడిపే తండ్రి ఈ లెక్క నిమిషంలో తేల్చేస్తాడు. ఆ తర్వాత బడి చెప్పే మిగతా మాటలు కూడా నమ్మడు.

మిగిలిన 114 రూపాయలు ఎక్కడివి? డ్రైవర్, ఆయాల జీతాలు కలిపి నెలకు మూడు వేలు పెరిగాయి, తలా 75. ఇన్సూరెన్స్, టైర్లు, ఫిట్‌నెస్ కోసం చేయించే రిపేర్ల ఖర్చు ఏడాదికి 16 వేలు పెరిగింది. ఫీజు వసూలు చేసే పది నెలలకు సర్దితే తలా 40. అన్నీ కలిపితే 151. అసలు పెద్ద వాటా జీతాలది. మెసేజ్‌లో ముందు రావాల్సిన కారణం కూడా అదే.

రెండో చిక్కు "వచ్చే టర్మ్". సెప్టెంబరులో పంపిన మెసేజ్‌ని అక్టోబరులో చదివితే, వచ్చే టర్మ్ అంటే సంక్రాంతి తర్వాతేమో అనుకుంటారు. అందుకే టర్మ్ పేరుతో పాటు నెల కూడా రాయాలి. జూన్‌లోనే ఏడాది ఫీజంతా కట్టేసినవాళ్ల సంగతి కూడా అక్కడే తేల్చాలి. లేకపోతే ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంటుంది.

ఇప్పుడు మెసేజ్ ఇలా మారుతుంది:

"తల్లిదండ్రులకు నమస్కారం. రెండో టర్మ్ నుంచి, అంటే అక్టోబరు నెల నుంచి, బస్సు ఫీజు నెలకు రూ.1,200 బదులు రూ.1,350 తీసుకుంటాం. పెరిగిన రూ.150లో సగం డ్రైవర్, ఆయాల జీతాలకు, మిగతాది డీజిల్, ఇన్సూరెన్స్, రిపేర్లకు. ఏడాది ఫీజు ముందే కట్టినవారు ఈ సంవత్సరం అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు. ఒకేసారి కట్టడం కష్టమైనా, బస్సు మాన్పించాలనుకున్నా సెప్టెంబరు 25లోగా ఆఫీసులో చెప్పండి. – ప్రిన్సిపాల్"

ఎంత, ఎప్పటి నుంచి అన్నవి మొదటి వాక్యంలోనే వచ్చేశాయి. కారణాలు వాటి వెనక నిలబడ్డాయి. "తీసుకుంటాం" అనడంతో నిర్ణయం ఎవరిదో తేలింది. బెదిరింపు ఉన్న చోటికి ఒక తేదీ, ఒక దారి వచ్చాయి. ఇంత చెప్పినా ఫీజు ఎక్కువే అనేవాళ్లు ఉంటారు. కానీ వాళ్లు అడిగేది ఇక ఫీజు గురించే, మెసేజ్‌కి అర్థమేమిటని కాదు.

దీన్ని ఎస్సెమ్మెస్‌గా పంపితే మరో ఇబ్బంది ఉంది. తెలుగులో రాసిన ఒక ఎస్సెమ్మెస్‌లో 70 అక్షరాలే పడతాయి. గుణింతం గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. అంతకు మించితే అది ముక్కలవుతుంది, ముక్కముక్కకూ ఖర్చే. కాబట్టి ఫోన్‌కి "అక్టోబరు నుంచి బస్సు ఫీజు నెలకు రూ.1,350. వివరాలు డైరీలో." అని పంపి, పూర్తి మెసేజ్ కాగితం పిల్లల డైరీలో అంటించాలి.

ఆ కాగితం మరొకటి డ్రైవర్ చేతికీ ఇవ్వాలి. స్టాపులో మొదట అడిగేది అతన్నే కదా.