పాయింటుకీ పాయింటుకీ మధ్య

పదమూడేళ్ల అమ్మాయి. జిల్లా స్థాయి బ్యాడ్మింటన్ టోర్నీ, మూడో గేమ్. 17–13తో ముందుంది. సర్వీస్ నెట్‌కు తగిలి తన వైపే పడింది. నాలుక కరచుకుని గ్యాలరీలో ఉన్న నాన్న వైపు చూసింది. ఆయన తల పట్టుకున్నాడు. మరుసటి సర్వీస్‌ను పరుగున వచ్చి స్మాష్ చేయబోయి బయటికి కొట్టింది. చూస్తుండగానే 17–19 అయింది.

పక్కన కూర్చున్న నాకు ఆ కాసేపట్లో ఒకటి స్పష్టంగా కనిపించింది. అంతకుముందు ప్రతి పాయింటు తర్వాత తాపీగా నడిచి వచ్చిన పిల్ల, తప్పు చేశాక అవతలి అమ్మాయి షటిల్ తీసుకునేలోపే సిద్ధమై నిలబడుతోంది. పోయిన పాయింటును వెంటనే తిరిగి తెచ్చుకోవాలన్న ఆత్రం అది. ఆత్రంలో ఊపిరి పైపైన ఆడుతుంది, రాకెట్ మీద పిడికిలి బిగుసుకుంటుంది. పిడికిలి బిగిస్తే మణికట్టు తిరగదు. మణికట్టు తిరగకపోతే డ్రాప్ నెట్‌లో పడుతుంది, టాస్ లైను దాటిపోతుంది. తప్పు తప్పును కనేది ఇలాగే. పిల్లకు ధైర్యం చాల్లేదనుకుంటాం గానీ, ముందు గాడి తప్పింది చెయ్యి.

అందుకే ఇలాంటి పిల్లలకు నేర్పాల్సింది ఒక చిన్న వరస. టెన్నిస్‌లో పాయింట్ల మధ్య 25 సెకన్లు దొరుకుతాయి. బ్యాడ్మింటన్‌లో ఆట ఆగకుండా సాగాలి, చెమట తుడుచుకోవాలన్నా అంపైర్‌ను అడగాలి. అయితే ఆడపిల్లలకూ మగపిల్లలకూ చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది: సర్వీస్ అందుకునేవారు సిద్ధం కాకముందే సర్వీస్ చేయకూడదు. సాగదీయనంత వరకూ నాలుగైదు క్షణాలు మనవే.

ఆ నాలుగైదు క్షణాల్లో ముందు నెట్‌కు వీపు తిప్పి రెండడుగులు వెనక్కి వేయాలి. కళ్లు గ్యాలరీ మీదికి పోకుండా రాకెట్ గట్ మీద నిలపాలి. రాకెట్‌ను ఎడమ చేతికి మార్చి కుడి చేతి వేళ్లు విదిలించాలి. పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలాలి, ఒక్కసారి చాలు. తిరిగేటప్పుడు మనసులో తర్వాతి పనిని ఒక్క ముక్కలో అనుకోవాలి: ‘వెనక లైను’, ‘ఎత్తుగా’, ‘రాకెట్ పైకి’. ‘తప్పు చేయకూడదు’ అనుకుంటే మాత్రం మనసు మళ్లీ తప్పు దగ్గరికే పోతుంది.

దీన్ని మ్యాచ్ రోజున చెబితే పనిచేయదు. ప్రాక్టీసులో గేమ్‌ను 17–19 నుంచి మొదలుపెట్టించాలి, అప్పుడప్పుడు కావాలనే లోపల పడ్డ షటిల్‌ను ‘అవుట్’ అనాలి. గెలిచిన పాయింటు తర్వాత కూడా అదే వరస చేయించాలి. ఓడినప్పుడే చేస్తే ప్రత్యర్థి పసిగడుతుంది, పిల్లకూ అది ఓటమి గుర్తుగా మారుతుంది. కొందరు పిల్లలు దీన్ని సెంటిమెంటు చేసుకుంటారు, మూడుసార్లు గట్ సర్దకపోతే ఆడలేమంటారు. అప్పుడు వరసను ఇంకా కుదించాలి. ఇంకో మాట. సర్వీస్ పద్ధతే తప్పుగా ఉంటే ఎంత ఊపిరి వదిలినా బాగుపడదు, దానికి విడిగా సాధన చేయాల్సిందే.

ఇక ఓడిన తర్వాత. ఇంటికి వచ్చే దారిలో బైకు మీద వెనక్కి తిరిగి ‘ఆ సర్వీస్ ఎందుకలా చేశావు తల్లీ?’ అని అడగకుండా ఉండటం నాన్నలకు చాలా కష్టం. ‘పర్లేదులే, బాగా ఆడావు’ కూడా అంతే దండగ, అది అబద్ధమని పిల్లకు తెలుసు. ఆ సాయంత్రం ఏం తింటావని అడిగితే చాలు. మర్నాడు నోటుబుక్ తీయాలి. ‘నేను ఒత్తిడికి తట్టుకోలేను’ అని రాస్తే కొట్టేయించి, చేతికి అందే మాటలోకి మార్పించాలి: ‘షటిల్ ఎక్కడుందో చూడకుండా స్మాష్‌కు వెళ్లాను.’ మొదటిది తన మీద తీర్పు, రెండోది రేపటి ప్రాక్టీసు.

ఓటమి దగ్గరే కథ ఆగనక్కర్లేదనడానికి దగ్గరి ఉదాహరణ పి.వి. సింధు. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో నొజోమి ఒకుహారాతో 110 నిమిషాలు పోరాడి, మూడో గేమ్ 20–22తో చేజార్చుకుంది. మరుసటి ఏడు ఫైనల్లో మళ్లీ ఓటమి, ఈసారి కరోలినా మారిన్ చేతిలో. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను 21–7, 21–7తో ఓడించింది.

మా జిల్లా అమ్మాయి రెండు నెలల తర్వాత ఇంకో టోర్నీ ఆడింది. మూడో గేమ్, 19–21తో ఓడిపోయింది. 18–18 దగ్గర ఒక తేలికైన షాట్ నెట్‌లో కొట్టింది. వీపు తిప్పి, రాకెట్ చేయి మార్చి, గట్ వైపు చూస్తూ రెండడుగులు వేసింది. గ్యాలరీలో నాన్న మళ్లీ తల పట్టుకున్నాడు. ఆమె చూడలేదు.