త-కి-ట: చప్పుడు లేని మూడో లెక్క



"సంగీతం క్లాసులో పాటల్లేవా, అన్నీ చప్పట్లేనా?" అని మీలో కొందరు అడుగుతున్నారు. మన పలివెల బ్రాంచిలో ఒకటో తరగతి పిల్లలు ఈ నెల నేర్చుకుంటున్నది రూపక తాళం. కచేరీల్లో దాన్ని ఎక్కువగా ఇలా వేస్తారు: రెండు దెబ్బలు, ఒక విసురు. విసురు అంటే చప్పుడు చేయకుండా అరచేతిని పైకి తిప్పడం.

చిక్కంతా ఆ విసురు దగ్గరే. చప్పుడు ఉండదు కాబట్టి పిల్లలు దాన్ని గబుక్కున దాటేసి మళ్లీ చప్పట కొట్టేస్తారు. నాలుగైదు సార్లయ్యేసరికి వేగం పెరిగిపోతుంది. అందుకే మొదట విసురుకు బదులు తొడ మీద తట్టిస్తాం. చప్పట, చప్పట, తొడ, నోటితో "త-కి-ట". అది నిలకడగా వచ్చాక తట్టడం మాన్పించి, "ట" మాత్రం పైకి అనిపిస్తాం. చివరికి అదీ మనసులోనే అనుకోవాలి.

ఇంట్లో మీరూ చూడవచ్చు. మీరు స్పూనుతో బల్ల మీద ఒకే వేగంతో తడుతూ ఉండండి, పాప గానీ బాబు గానీ తాళం వేయాలి. విసురు తర్వాతి చప్పట మీ స్పూను కన్నా ముందే పడితే, మూడో లెక్క పూర్తి కాలేదన్నమాట. కసరకండి. మళ్లీ తొడ మీద తట్టించండి, మీరూ "త-కి-ట" అనండి.